పచ్చ టిక్కు చెప్పనిది

(నెల్లూరులో ఇంజినీరింగ్ విద్యార్థులు, ఊళ్లో సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటున్న మిత్రుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నెల్లూరులో చేపల పులుసుతో భోజనం పెట్టి, ఆ వెంటనే లాక్ ఫైలు గురించి మాట్లాడమని నన్ను నిలబెట్టారు. నిర్వాహకులకు నా మీద ఏం కోపం ఉందో తెలియదు. నిద్ర వస్తే పోండి, నేనేమీ అనుకోను. మధ్యలో ఒక దొంగతనం కథ ఉంది, దానికి మాత్రం లేవండి.

మేము నలుగురం కలిసి ఇందుకూరుపేట వైపు రొయ్యల రైతుల కోసం ఒక అప్లికేషన్ రాశాం. ఏ గుంటలో ఎప్పుడు సీడు వదిలారు, రోజుకు ఎంత మేత వేశారు, ఏరేటర్లు ఎన్ని గంటలు తిరిగాయి, ఇలాంటి లెక్కలు అందులో ఉంటాయి. పెద్ద పనేమీ కాదు. మేము స్వయంగా రాసిన కోడు కొంచెమే. `package.json`లో మేము పేరు పెట్టి పిలిచిన ప్యాకేజీలు 34. వాటికి కావలసినవి, ఆ కావలసినవాటికి మళ్లీ కావలసినవి కలిపి ఏ ప్యాకేజీ ఏ వెర్షన్‌లో రావాలో రాసి ఉంచే లాక్ ఫైలు `package-lock.json`లో లెక్కపెడితే 900 దాటాయి. పెళ్లికి 34 కార్డులు పంచితే 900 మంది వచ్చి కూర్చున్నారన్నమాట. వాళ్లలో ఎవరు మన చుట్టమో, ఎవరు భోజనానికి వచ్చినవాడో మనకు తెలియదు.

ఈ 900 ప్యాకేజీల్లో ప్రతి వారం ఎన్నో మారుతుంటాయి. మనిషి కూర్చుని చూసుకోలేడు. అందుకే డిపెండబాట్, రెనొవేట్ లాంటి బాట్లు వచ్చాయి. 2019లో డిపెండబాట్‌ను గిట్‌హబ్ కొనుక్కున్నాక అది మామూలు ప్రాజెక్టులకు కూడా సులువుగా అందింది. అది చేసే పని ఇది: మన లాక్ ఫైలు చదువుతుంది, బయట కొత్త వెర్షన్లు ఏమున్నాయో చూస్తుంది, ఉంటే మన ఫైలులో అంకె మార్చి, ఈ మార్పు కలుపుకోండి అంటూ ఒక పుల్ రిక్వెస్ట్ పెడుతుంది. మనం వాడుతున్న వెర్షన్‌లో భద్రతా లోపం ఉన్నట్టు ప్రకటన వస్తే, దానికి వేరుగా మరో పుల్ రిక్వెస్ట్ పెడుతుంది. ఈ రెండు రకాల తేడా గుర్తుంచుకోండి, చివర్లో దానితో పని ఉంది.

ఆ పుల్ రిక్వెస్ట్ తెరిస్తే చూడముచ్చటగా ఉంటుంది. పాత వెర్షన్ ఇది, కొత్తది ఇది, విడుదల గమనికలు ఇవి, కమిట్ల జాబితా ఇదిగో. కింద మన టెస్టులు నడిచి పచ్చ టిక్కు వస్తుంది. పక్కనే మెర్జ్ బటన్. దాన్ని నొక్కని చెయ్యి ఉంటుందా? మేమూ నొక్కాం. కొన్నాళ్లకు నొక్కడం కూడా బద్ధకమై, టెస్టులు పాసైతే దానంతట అదే మెర్జ్ అయ్యేలా పెట్టాం. మూడు నెలల తర్వాత వేరే ఏదో వెతుకుతూ లాక్ ఫైలులో ఒక పేరు చూశాను. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు సొంతంగా ఒక స్క్రిప్టు నడుపుకునే ప్యాకేజీ అది. ఎవరు తెచ్చారని అడిగితే నలుగురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఎవరూ తేలేదు, బాట్ తెచ్చింది. అదృష్టం, అది మంచి ప్యాకేజీయే. కానీ మూడు నెలలుగా మా సర్వర్‌లో, మా లాప్‌టాపుల్లో దాని స్క్రిప్టు నడుస్తోందని మాకు తెలియదు. ఆ రోజు రాత్రే ఆటోమేటిక్ మెర్జ్ తీసేశాం.

ఇక కథ. 2018లో `event-stream` అనే ప్యాకేజీ ఉండేది. వారానికి సుమారు 20 లక్షల డౌన్‌లోడ్లు. రాసినాయనకు దాని మీద ఆసక్తి పోయింది, చాలాకాలంగా ఆయనే వాడడం లేదు. ఒకతను మెయిల్ రాసి, నేను చూసుకుంటానన్నాడు. ఈయన ఇచ్చేశాడు. ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు, ఉచితంగా చేసే పనికి ఎవరు జీవితాంతం కాపలా కాస్తారు?

కొత్తగా వచ్చినతను సెప్టెంబర్ 9న 3.3.6 విడుదల చేశాడు. అందులో చెప్పుకోదగ్గ మార్పు ఒక్కటే:

```
"flatmap-stream": "^0.1.0"
```

కొత్త ప్యాకేజీ ఒకటి వచ్చి చేరింది. దాన్ని తెరిచి చదివితే శుభ్రంగానే ఉంది, దొంగ కోడు ఏమీ లేదు. ఆ ముందున్న టోపీ గుర్తును చూడండి. 0.1.0తో మొదలుపెట్టి 0.2.0 లోపు ఏ వెర్షన్ వచ్చినా నాకు సమ్మతమే అని దాని అర్థం. అక్టోబర్ 5న `flatmap-stream` 0.1.1 వచ్చింది. విషం అందులో ఉంది. అంటే తలుపు సెప్టెంబర్‌లో తెరిచి పెట్టి, దొంగ అక్టోబర్‌లో వచ్చాడు. ఇంకో తమాషా ఏమిటంటే, ఈ రెంటి మధ్యలోనే `event-stream` 4.0.0 విడుదల చేసి, అందులోంచి ఆ ప్యాకేజీని తీసేశాడు. తాజా వెర్షన్ చూసేవాళ్లకు ఏమీ కనిపించదు. పాత 3.3 వరుసలో ఉండిపోయిన వాళ్లకే, అంటే చాలామందికే, అది చేరుతుంది.

విషం ఎలా పనిచేసిందో వినండి, పచ్చ టిక్కు గురించి అసలు పాఠం అక్కడే ఉంది. ఆ కోడులో ముఖ్య భాగం ఎన్‌క్రిప్ట్ చేసి ఉంది. దాన్ని విప్పే తాళంచెవి ఎక్కడుందంటే, దాన్ని వాడుతున్న ప్రాజెక్టు తన గురించి `package.json`లో రాసుకున్న ఒక వాక్యంలో. ఆ వాక్యం కోపే అనే బిట్‌కాయిన్ వాలెట్‌ది. ఇంకెవరి ప్రాజెక్టులో నడిచినా తాళంచెవి సరిపడదు, కోడు విచ్చుకోదు, తప్పు సందేశం కూడా రాకుండా చప్పుడు చేయక పక్కకు తప్పుకుంటుంది. సరే, కోపే ప్రాజెక్టులో విచ్చుకుందనుకోండి. అక్కడ కూడా, విడుదల కోసం యాప్ బిల్డ్ చేస్తున్నారా అని చూసుకుని, అప్పుడే తన పని మొదలుపెడుతుంది. ఇక ఏ టెస్టు దీన్ని పట్టుకుంటుంది? వందల ప్రాజెక్టుల్లో వేల టెస్టులు నడిచాయి, అన్నీ పచ్చగానే ఉన్నాయి. పచ్చ టిక్కు అబద్ధం చెప్పలేదు. 'నీ టెస్టులు పాసయ్యాయి' అంది, అంతే. లోపలికి ఎవరు వచ్చారని దాన్ని ఎవరూ అడగలేదు.

చివరికి బయటపడింది కూడా భద్రతా తనిఖీలో కాదు. విప్పడానికి వాడిన `crypto.createDecipher` అనే ఫంక్షన్ పాతబడిందని నోడ్ ఒక హెచ్చరిక చూపించడం మొదలుపెట్టింది. ఈ హెచ్చరిక ఎక్కడి నుంచి వస్తోందని ఒకరు విసుగుపడి తవ్వుకుంటూ పోయారు. నవంబర్‌లో గుట్టు రట్టయింది. అక్టోబర్ 5 నుంచి లెక్కేస్తే ఏడు వారాలు.

ఇప్పుడు ఒక ఊహ చేద్దాం. ఆ సెప్టెంబర్‌లో మీ ప్రాజెక్టులో బాట్ ఉంది, 3.3.5 నుంచి 3.3.6కు పుల్ రిక్వెస్ట్ పెట్టింది. మీరు ఏం చూడాలి?

మన రైతు సీడు ఎలా తెచ్చుకుంటాడో గుర్తు చేసుకోండి. హేచరీ వాడు బాగా మాట్లాడతాడు, కాగితం ఇస్తాడు, నీళ్లలో పిల్లలు చురుగ్గా ఈదుతుంటాయి. అయినా తెల్లమచ్చ వైరస్ కంటికి కనిపించదని రైతుకు తెలుసు. అందుకే ఆ బ్యాచ్ లోంచి పిల్లలు తీసి పీసీఆర్ పరీక్షకు పంపుతాడు. హేచరీ ఫొటోను పరీక్షకు పంపడు. బాట్ పుల్ రిక్వెస్ట్‌లో విడుదల గమనికలు, కమిట్లు చదివి తృప్తిపడడం ఫొటోను పరీక్షకు పంపడమే. ఎందుకంటే బాట్ చూపించే కమిట్లు గిట్‌హబ్ రిపోజిటరీలోవి. `npm install` చేసినప్పుడు మన దగ్గరకు వచ్చేది మాత్రం ప్యాకేజీలను పంచే రిజిస్ట్రీలోని టార్ ఫైలు, అంటే రచయిత అక్కడికి ఎక్కించిన మూట. ఆ రెండూ ఒకటే అయి ఉండాలని ఎక్కడా నియమం లేదు. `flatmap-stream`లో విషం రిజిస్ట్రీకి ఎక్కించిన కుదించిన జావాస్క్రిప్ట్ ఫైలులో ఉంది, గిట్‌హబ్‌లోని కోడులో లేదు. 2024లో లినక్స్ ప్రపంచాన్ని వణికించిన, ఫైళ్లను కుదించే `xz` అనే సాధనం వ్యవహారంలోనూ ఇదే తంతు. దొంగ కోడును నిద్రలేపే `build-to-host.m4` అనే ఫైలు విడుదల టార్ ఫైలులో ఉంది, గిట్‌లో లేదు.

కాబట్టి నేను ముందు తెరిచేది లాక్ ఫైలులో వచ్చిన మార్పు. గిట్‌హబ్ దాన్ని సాధారణంగా ముడిచి పెడుతుంది, యంత్రం పుట్టించిన ఫైలు కదా అని. విప్పండి. అందులో అంకెలు మారడం మామూలే. నేను వెతికేది కొత్త పేరు. ఒక ప్యాకేజీ వెర్షన్ చివరి అంకె మాత్రమే పెరిగింది, అంటే చిన్న మరమ్మతు అని అర్థం. చిన్న మరమ్మతుకు కొత్త ప్యాకేజీ ఎందుకు కావలసి వచ్చింది? 3.3.6 దగ్గర అడగవలసిన ప్రశ్న ఇదొక్కటే. కుళాయి వాషర్ మార్చడానికి వచ్చిన మేస్త్రీ వెంట ఒక కొత్త మనిషి వచ్చి ఇంట్లో ఉండిపోతానంటే అడగమా?

ఆ కొత్త పేరు కింద ఇంకో వరుస కనిపిస్తే మరింత జాగ్రత్త:

```
"hasInstallScript": true
```

ఇన్‌స్టాల్ సమయంలోనే ఈ ప్యాకేజీ తన స్క్రిప్టు నడుపుతుందని దీని అర్థం. మనం దాన్ని మన కోడులో ఎక్కడా పిలవక్కరలేదు, ఇన్‌స్టాల్ చేస్తే చాలు. మా మూడు నెలల అతిథి పక్కన ఈ వరుసే ఉంది. ఇలాంటివన్నీ చెడ్డవని కాదు. సి భాషలో రాసిన భాగాన్ని కంపైల్ చేసుకోవడానికి చాలా మంచి ప్యాకేజీలు దీన్ని వాడతాయి. కానీ నిన్నటిదాకా లేనిది ఈ రోజు ఎందుకు వచ్చిందో తెలుసుకునే దాకా మెర్జ్ చేయను. `resolved` అనే వరుసలోని చిరునామా కూడా ఓసారి చూస్తాను. మిగతావన్నీ `registry.npmjs.org` నుంచి వస్తుంటే ఇదొక్కటి వేరే చోటు నుంచి వస్తోందా అని.

దీనికి రెండు నిమిషాలు పడుతుంది. చాలా పుల్ రిక్వెస్ట్‌లు ఇక్కడితోనే తేలిపోతాయి. అనుమానం మిగిలితే టార్ ఫైలు లోపలికి వెళ్లాలి. చాలామంది ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. ఆ బ్రాంచిని తమ లాప్‌టాప్‌లోకి దించుకుని, 'చూద్దాం' అని `npm install` కొడతారు. విషమేమో అన్న అనుమానంతో నాలుకకు రాసుకుని చూడడం అది. స్క్రిప్టు ఉంటే అప్పటికే నడిచిపోయింది, మీ పాస్‌వర్డులు, టోకెన్లు ఉన్న యంత్రంలో నడిచింది. దానికి బదులు ఈ కమాండ్ వాడండి:

```
npm diff --diff=chalk@5.3.0 --diff=chalk@5.4.0
```

రిజిస్ట్రీ నుంచి రెండు వెర్షన్ల టార్ ఫైళ్లను తెచ్చి, వాటి మధ్య తేడా వరుసవారీగా చూపిస్తుంది. ఏదీ నడపదు. మనకు అసలు చేరేది ఇదే కాబట్టి చదవవలసింది కూడా ఇదే. ఇందులో నా కళ్లు మొదట వెళ్లేది `package.json`లోని `scripts` భాగానికి, తర్వాత కొత్తగా చేరిన ఫైళ్లకు. పొడవాటి అర్థంకాని అక్షరాల వరుస, చిన్న మరమ్మతులో ఉన్నట్టుండి నెట్‌వర్క్‌ను పిలిచే కోడు, `process.env` చదివే కోడు కనిపిస్తే ఆగిపోతాను. కుదించిన ఫైలు ఒకటి కనిపించి, దాని అసలు రూపం ఎక్కడా లేకపోతే కూడా అంతే. అన్నీ నాకు అర్థమవుతాయని చెప్పను. అర్థం కానిది ఉందని తెలియడమే అప్పటికి చాలు, ఆ అప్‌డేట్‌ను పక్కన పెడతాను.

ఇంకో సంగతి. పుల్ రిక్వెస్ట్ పెట్టింది నిజంగా బాటేనా? నవ్వకండి. 2023 జులైలో వందల రిపోజిటరీల్లో డిపెండబాట్ పేరుతో కమిట్లు కనిపించాయి. డిపెండబాట్ చేసినవి కావు. దొంగిలించిన టోకెన్లతో ఎవరో లోపలికి వచ్చి, రచయిత పేరు దగ్గర బాట్ పేరు రాసుకున్నారు. గిట్‌లో రచయిత పేరు ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు, దానికి పాస్‌వర్డు లేదు. ఆ కమిట్లు రిపోజిటరీ రహస్యాలను బయటి సర్వర్‌కు పంపే ఒక వర్క్‌ఫ్లో ఫైలును చేర్చాయి. ఆ పేరు చూడగానే మన కళ్లు దాటుకుని పోతాయని వాళ్లకు తెలుసు. ఇంటికి రోజూ వచ్చే పాలవాడిని ఎవరూ తలెత్తి చూడరు కదా, అదే వేషం వేశారు. కనిపెట్టడం మాత్రం కష్టం కాదు. `npm` అప్‌డేట్ తెచ్చే బాట్ `package.json`ను, లాక్ ఫైలును ముట్టుకుంటుంది. మీ సొంత `.js` ఫైలును, లేదా కొత్త వర్క్‌ఫ్లోను ముట్టుకుంటే అది ఆ బాట్ పని కాదు. కమిట్ పక్కన సంతకం సరిచూసినట్టు గుర్తు ఉందో లేదో కూడా గిట్‌హబ్ చూపిస్తుంది.

ఇక ఎంత త్వరగా మెర్జ్ చేయాలన్న ప్రశ్న. 2025 సెప్టెంబర్ 8న `chalk`, `debug` సహా 18 ప్యాకేజీలు దొంగల చేతికి వెళ్లాయి. వాటిని చూసుకునే ఆయనకు `npmjs.help` అనే చిరునామా నుంచి, మీ రెండంచెల లాగిన్ వివరాలు కొత్తగా మార్చుకోండి అంటూ మెయిల్ వచ్చింది. అసలు చిరునామా అది కాదు. ఆయన పొరపాటున నమ్మాడు. ఆ ప్యాకేజీలన్నిటికీ కలిపి వారానికి 200 కోట్లకు పైగా డౌన్‌లోడ్లు ఉంటాయి. కానీ సుమారు రెండు గంటల్లోనే గుర్తించారు, చెడ్డ వెర్షన్లను తీసేయడం మొదలుపెట్టారు. ఆ రెండు గంటల్లో అప్‌డేట్ చేసుకున్నవాళ్లే ఇరుక్కున్నారు. కొత్త వెర్షన్ రాగానే మెర్జ్ చేసుకోవడం గొప్ప అనుకుంటాం గానీ, ఆ రోజు వెనకబడినవాడే క్షేమంగా ఉన్నాడు.

అందుకే మా ప్రాజెక్టులో బాట్‌కు ఇలా చెప్పాం:

```
version: 2
updates:
  - package-ecosystem: "npm"
    directory: "/"
    schedule:
      interval: "weekly"
    cooldown:
      default-days: 7
```

విడుదలై వారం దాటని వెర్షన్‌కు పుల్ రిక్వెస్ట్ పెట్టదు. రెనొవేట్‌లో ఇదే పనికి `minimumReleaseAge` అనే అమరిక ఉంది. ఈ గడువు మామూలు అప్‌డేట్లకే వర్తిస్తుంది, భద్రతా లోపం సరిదిద్దే పుల్ రిక్వెస్ట్‌ను బాట్ ఆపదు, ఆపకూడదు కూడా. 2021 డిసెంబర్‌లో లాగ్‌ఫోర్‌జే అనే జావా లైబ్రరీలో లోపం బయటపడినప్పుడు వారం ఆగుదామనుకున్న సర్వర్లకు వారం మిగల్లేదు. లోపం ప్రపంచానికంతా తెలిశాక ఆగడం వేరు, ఎవరూ ఏమీ చెప్పని కొత్త వెర్షన్ దగ్గర ఆగడం వేరు. మొదట్లో గుర్తుంచుకోమన్న తేడా ఇదే. భద్రతా పుల్ రిక్వెస్ట్ వస్తే ఆ రోజే కూర్చుంటాను. లాక్ ఫైలు చదివే ఆ రెండు నిమిషాలు మాత్రం దానికీ తప్పవు.

ఏడు రోజులు పెట్టేశాం కదా, ఇక చదవక్కరలేదని అనుకునేరు. `event-stream`లో విషం ఏడు వారాలు ఎవరికీ కనిపించకుండా ఉంది. వారం గడువు దాన్ని ఆపేది కాదు. అక్కడ ఆపగలిగింది ఒక్కటే, సెప్టెంబర్‌లో ఆ కొత్త పేరు చూసి 'ఎవరు నువ్వు' అని అడగడం. తొందరపడే దొంగకు గడువు, ఓపికున్న దొంగకు మన కళ్లు. రెండూ కావాలి.

ప్రశ్నలుంటే అడగండి. వెనక వరుసలో అమ్మాయి, చెప్పమ్మా.

(ఒక విద్యార్థిని: సార్, మా ప్రాజెక్టులో వారానికి ఇరవై పుల్ రిక్వెస్ట్‌లు వస్తున్నాయి. అన్నీ ఇలా చూడాలంటే చదువు మానుకోవాలి.)

మానుకోకమ్మా. (నవ్వులు) ఇరవై రావడమే మొదటి సమస్య. రోజూ కాకుండా వారానికోసారి పెట్టు, చిన్న అప్‌డేట్లను `groups` వాడి ఒకే పుల్ రిక్వెస్ట్‌లో కలుపు. లాక్ ఫైలు మార్పు ఒకేసారి చదివితే సరిపోతుంది. ఇంకో పని, చదవడం కన్నా మంచిది: మీకు నిజంగా అక్కరలేని ప్యాకేజీలు తీసేయండి. మేము కూర్చుని చూస్తే 34లో ఆరు ఊరికే ఉన్నాయి. ఒకదాన్ని తేదీని తెలుగులో చూపించడానికి ఎప్పుడో తెచ్చుకున్నాం, బ్రౌజర్‌లోనే ఉన్న `Intl` అదే పని చేస్తుంది. ఆ ఆరు తీస్తే లాక్ ఫైలులో వందకు పైగా పేర్లు పోయాయి. ఆ వందకు ఇక బాట్ నన్ను ఎప్పుడూ పిలవదు.

(ఒక శ్రోత: లాక్ ఫైలు ఉంది కదండీ, మరి అక్టోబర్‌లో 0.1.1 ఎలా వచ్చిపడుతుంది? 0.1.0 దగ్గరే ఆగాలి కదా?)

బాగా పట్టుకున్నారు. లాక్ ఫైలులో 0.1.0 అని ఉండి, సర్వర్‌లో `npm ci` వాడుతుంటే అక్కడే ఆగుతుంది. లాక్ ఫైలులో రాసి ఉన్నదాన్నే, రాసి ఉన్న హాష్‌తో సరిచూసి మరీ తెస్తుంది. కానీ ఎవరో ఒకరు `npm update` కొట్టినా, లాక్ ఫైలు తీసేసి మళ్లీ పుట్టించినా, బాట్ మొత్తం లాక్ ఫైలును తాజా చేసినా 0.1.1 వచ్చేస్తుంది. అప్పుడు మార్పులో కనిపించేది ఒక్క అంకె, 0 పోయి 1. కొత్త పేరు ఉండదు. దాన్ని లాక్ ఫైలులో చూసి పట్టుకోవడం దాదాపు అసాధ్యం, అక్కడికి `npm diff` తప్ప దారి లేదు. కోపే విడుదలల్లో 5.0.2 నుంచి 5.1.0 దాకా ఆ కోడు చేరింది. మీ దగ్గర సర్వర్‌లో ఇప్పుడు ఏ కమాండ్ వాడుతున్నారు?

(శ్రోత: చూసుకోవాలండీ. `npm install` అనే గుర్తు.)

సాయంత్రం టీ దగ్గర లాప్‌టాప్ తెరవండి, కలిసి చూద్దాం.